పది పక్కన నాలుగు గీతలు

ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో ఒక ఇంటర్వ్యూలో బోర్డు మీద ఏడు అంకెల చెట్టు గీసి ఇచ్చారు. అన్నిటికన్నా పైన 50. దాని కింద ఎడమవైపు 30, కుడివైపు 70. 30 కింద 20, 40. 70 కింద కుడివైపు మాత్రమే 80. 20 కింద ఎడమవైపు 10. ఇంతే చెట్టు.

```
            50
          /    \
        30      70
       /  \       \
     20    40      80
    /
  10
```

"ఇది బ్యాలెన్స్‌గా ఉందో లేదో చెప్పే ప్రోగ్రామ్ రాయండి" అన్నారు ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి. ఐదు నిమిషాల్లో రాసేశాను. తప్పేమీ లేదు, జవాబు సరిగ్గానే వస్తుంది. ఆయన ఒకసారి చదువుకుని తలూపి, ఎర్ర మార్కర్ నా చేతికిచ్చారు. "ఇప్పుడు డ్రై రన్ చెయ్యండి. మీ ప్రోగ్రామ్ ఏ అంకెను ముట్టుకున్నా దాని పక్కన ఒక గీత పెట్టండి."

గీతలు పెట్టుకుంటూ పోయాను. 50 దగ్గర ఒకటి. 30 దగ్గర రెండు. 40 దగ్గర మూడు. అట్టడుగున ఉన్న 10 పక్కన నాలుగు గీతలు పడ్డాయి. మొత్తం లెక్కపెడితే 18. "ఏడిళ్ల వీధిలో ఉత్తరాలు పంచడానికి పోస్ట్‌మ్యాన్ పద్దెనిమిది తలుపులు కొట్టాడంటే ఏమంటామండీ?" అని నవ్వారాయన. ఆ ఉద్యోగం రాలేదు. 10 పక్కన ఆ నాలుగు గీతలు ఎందుకు పడ్డాయన్నది మాత్రం అప్పటి నుంచీ నాతోనే ఉంది. ఈ వ్యాసం వాటి గురించే.

ముందు చెట్టు సంగతి. కంప్యూటర్ వాళ్ల చెట్టు తలకిందులుగా పెరుగుతుంది. వేరు పైన, కొమ్మలు కింద. భగవద్గీత 15వ అధ్యాయంలోని అశ్వత్థం తెలిసినవాళ్లకు ఇందులో వింత కనిపించదు. వంశవృక్షం గీసేటప్పుడు మనమూ ముత్తాతను పైనే పెడతాం కదా. ఆ వంశవృక్షంలో ఎవరికీ ఇద్దరు పిల్లలకు మించి ఉండకూడదని, ఆ ఇద్దరిలో ఎవరు ఎడమ, ఎవరు కుడి అన్నది ఖాయంగా ఉండాలని అనుకుంటే అదే బైనరీ ట్రీ. ఒక్కొక్క గడిని నోడ్ అంటారు. అన్నిటికన్నా పైనున్నది రూట్. కింద ఎవరూ లేనిది లీఫ్, అంటే ఆకు.

ఎత్తు అంటే తరాల లెక్క. ఒక నోడ్ దగ్గర నిలబడి, దానితో కలిపి, కిందికి ఎన్ని తరాలున్నాయో చూడటం. 10 కింద ఎవరూ లేరు కాబట్టి దాని ఎత్తు 1. 20 ఎత్తు 2, 30 ఎత్తు 3, 50 ఎత్తు 4. కుడి పక్కన 80 ఎత్తు 1, 70 ఎత్తు 2. ఎవరూ లేని చోట ఎత్తు 0. ఆ సున్నా ఊరికే పెట్టింది కాదు, దాని పని తరవాత తెలుస్తుంది.

ఇలాంటి చెట్టులో అంకెలు ఒక పద్ధతిలో పేర్చి ఉంటాయి. ఏ నోడ్ దగ్గరైనా చిన్నవన్నీ ఎడమకు, పెద్దవన్నీ కుడికి. 40 కావాలంటే 50 దగ్గర ఎడమకు తిరిగి, 30 దగ్గర కుడికి తిరిగితే దొరికిపోతుంది. వెతకడానికి పట్టే అడుగులు ఎప్పుడూ చెట్టు ఎత్తును మించవు. పది లక్షల అంకెల్ని ఎక్కడా ఖాళీ లేకుండా పేరిస్తే ఎత్తు 20 తరాలే. అవే పది లక్షల అంకెల్ని చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసగా తెచ్చి చేర్చుకుంటూ పోతే ప్రతి కొత్త అంకే ముందుదానికి కుడివైపునే వేలాడి, చెట్టు కాస్తా పది లక్షల తరాల పొడవున తాడులా సాగుతుంది. రెండింట్లోనూ ఉన్నవి అవే అంకెలు. మొదటిదాంట్లో 20 అడుగులు వేస్తే చాలు, రెండోదాంట్లో పది లక్షలు వేయాల్సి రావచ్చు.

ఈ తాడు బాధ తప్పించడానికి 1962లో ఇద్దరు సోవియట్ గణిత శాస్త్రజ్ఞులు, గియోర్గీ అడెల్సన్-వెల్స్కీ, యెవ్గెనీ లాండిస్, ఒక నియమం పెట్టారు. ఏ నోడ్ దగ్గర చూసినా ఎడమ పక్క ఎత్తుకూ కుడి పక్క ఎత్తుకూ తేడా 1కి మించకూడదు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతో ఆ చెట్టుకు ఏవీఎల్ ట్రీ అని పేరొచ్చింది. ఈ అడెల్సన్-వెల్స్కీ చదరంగం ప్రోగ్రామ్‌ల మీద కూడా పనిచేశారు. 1974లో స్టాక్‌హోమ్‌లో మొట్టమొదటి ప్రపంచ కంప్యూటర్ చెస్ పోటీ గెలిచిన 'కైస్సా' వెనక ఉన్నవాళ్లలో ఆయనొకరు.

ఆ నియమంలో 'ఏ నోడ్ దగ్గర చూసినా' అన్న మాటను చాలామంది దాటేసి పోతారు. పైన రూట్ దగ్గర మాత్రం చూసి రెండు పక్కలా సమానమే కదా అని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకుంటే ఈ కింది చెట్టు మోసం చేస్తుంది.

```
            50
          /    \
        30      70
       /          \
     20            80
    /                \
  10                  90
```

50 దగ్గర ఎడమ ఎత్తు 3, కుడి ఎత్తు 3. తేడా సున్నా. కానీ 30 దగ్గరికి దిగి చూడండి. ఎడమవైపు రెండు తరాలు, కుడివైపు శూన్యం. తేడా 2. 70 దగ్గర ఇదే కథ అటుదిటుగా. ఏడు అంకెల్ని మూడు తరాల్లో సర్దేయొచ్చు. ఇక్కడ రెండు తాళ్లను పైన ముడివేసి చెట్టన్నారు. త్రాసులో రెండు పళ్లాలూ సమానంగా తూగినంత మాత్రాన పళ్లాల్లో ఉన్నది మంచి సరుకని అర్థమా?

ఇంకొక దొంగదారి కూడా ఉంది. అన్నిటికన్నా లోతైన ఆకునూ, అన్నిటికన్నా పైనున్న ఆకునూ పట్టుకుని, వాటి లోతుల తేడా 1కి మించకపోతే చాలనుకోవడం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 12 నోడ్‌లతో ఒక చక్కటి ఏవీఎల్ చెట్టు కట్టొచ్చు. రూట్‌కు ఎడమవైపు మొదట చూసిన ఏడు నోడ్‌ల ఆకారం, కుడివైపు నాలుగు నోడ్‌లతో మూడు తరాల ఆకారం. ప్రతి నోడ్ దగ్గరా నియమం నిలుస్తుంది. అయినా అందులో ఒక ఆకు మూడో తరంలో, ఇంకో ఆకు ఐదో తరంలో ఉంటాయి. దొంగదారిన పోయినవాడు ఈ మంచి చెట్టును పనికిరాదని పారేస్తాడు. అంచేత ప్రతి నోడ్‌నూ అడగక తప్పదు. ఎన్నిసార్లు అడుగుతామన్నదే ప్రశ్న.

నేను రాసింది ఇది

ఇంటర్వ్యూలో నేను రాసింది దాదాపు ఇలా ఉంటుంది. భాష పైథాన్ అనుకోండి.

```python
def height(node):
    if node is None:
        return 0
    return 1 + max(height(node.left), height(node.right))

def balanced(node):
    if node is None:
        return True
    if abs(height(node.left) - height(node.right)) > 1:
        return False
    return balanced(node.left) and balanced(node.right)
```

కోడ్ అలవాటు లేనివాళ్లకు చదివి వినిపిస్తాను. `height` అన్నది ఎత్తు కొలిచే మనిషి. ఏ నోడ్ దగ్గరికి పంపినా, ఎడమవైపు ఎత్తు కనుక్కుని, కుడివైపు ఎత్తు కనుక్కుని, రెండిట్లో పెద్దదానికి ఒకటి కలిపి చెబుతాడు. ఎవరూ లేని చోటికి పంపితే సున్నా అంటాడు. `balanced` అన్నది తీర్పు చెప్పే మనిషి. అతను నోడ్ దగ్గర నిలబడి ఎత్తు కొలిచేవాణ్ణి రెండు పక్కలకూ పంపుతాడు, తేడా చూస్తాడు, బాగుంటే ఒక మెట్టు దిగి పిల్లల దగ్గర నిలబడి మళ్లీ కొలిచేవాణ్ణి పంపుతాడు.

ఆ 'మళ్లీ' దగ్గరే ఉంది చిక్కంతా. 50 దగ్గర నిలబడి కొలిపించినప్పుడు కొలిచేవాడు 30 మీదుగా 20 మీదుగా 10 దాకా దిగి వచ్చాడు. ఆ దారిలో 30 ఎత్తు 3 అని, 20 ఎత్తు 2 అని, 10 ఎత్తు 1 అని అతనికి తెలుసు. తెలియకపోతే పైకి వచ్చి లెక్క చెప్పలేడు. చెప్పింది మాత్రం ఆఖరి అంకె ఒక్కటే, మిగతావన్నీ దారిలో పారేశాడు. తరవాత తీర్పరి 30 దగ్గరికి దిగి, పారేసిన అంకెల కోసమే అతన్ని మళ్లీ కిందికి తోలాడు. 20 దగ్గర మళ్లీ తోలాడు. చివరికి తీర్పరే స్వయంగా 10 దగ్గరికి వెళ్లాడు. అలా 10కి నాలుగు గీతలు. ఏ నోడ్‌కైనా అది ఎన్నో తరంలో ఉంటే అన్ని గీతలు పడతాయి. ఒకటో తరంలో ఒకరు, రెండో తరంలో ఇద్దరు, మూడో తరంలో ముగ్గురు, నాలుగో తరంలో ఒకరు. ఒకటి, నాలుగు, తొమ్మిది, నాలుగు. కలిపితే 18.

ఏడు నోడ్‌లకు 18 అంటే ప్రాణమేమీ పోదు. ఎక్కడా ఖాళీ లేని పది తరాల చెట్టులో 1,023 నోడ్‌లుంటాయి. దానికి ఈ పద్ధతిలో 9,217 గీతలు పడతాయి, ఒక్కోదానికి సగటున తొమ్మిది. ఇరవై తరాల చెట్టులో 10,48,575 నోడ్‌లు. గీతలు కోటీ తొంభై తొమ్మిది లక్షలు దాటతాయి, అంటే పందొమ్మిది రెట్లు. చెట్టు పెరిగేకొద్దీ రెట్టూ పెరుగుతుంది.

ఇక్కడ పాఠాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. 'తాడులా సాగిన చెట్టు మీద ఈ పద్ధతి దారుణం, వెయ్యి నోడ్‌లుంటే ఐదు లక్షల గీతలు పడతాయి' అంటారు. ఒకటి నుంచి వెయ్యి వరకు కలిపితే 5,00,500. లెక్క వరకు సరే. కానీ పైన రాసిన కోడ్‌కు ఆ మాట వర్తించదు. తాడు చెట్టులో రూట్ దగ్గరే ఒక పక్క 999, రెండో పక్క సున్నా. తీర్పరి మొదటి అడుగులోనే 'కాదు' అని చెప్పి ఇంటికి వెళ్లిపోతాడు. ఐదు లక్షల గీతలు పడాలంటే, తప్పు కనిపించాక కూడా ఆగకుండా కిందంతా తిరిగేలా కోడ్ రాసి ఉండాలి. మామూలుగా ఈ పద్ధతి మనల్ని ఏడిపించేది మంచి చెట్టు దగ్గరే. ఎక్కడా తప్పు దొరకదు కాబట్టి ఎక్కడా ఆగదు, ప్రతి నోడ్ దగ్గరా కొలత మొదటికొస్తుంది.

కింది నుంచి పైకి

ఇప్పుడు కొలిచేవాడూ తీర్పరీ ఒక్కడే అనుకుందాం. ఎత్తు కొలవడానికి ఎలాగూ అట్టడుగు దాకా దిగాలి. పైకి వచ్చేటప్పుడు ప్రతి నోడ్ దగ్గరా ఎడమ ఎత్తు, కుడి ఎత్తు రెండూ చేతిలోనే ఉంటాయి. అక్కడే తేడా చూసేస్తే పోలేదా? చూసి, బాగుంటే ఎత్తు చెప్పాలి, బాగోకపోతే బాగోలేదని చెప్పాలి. పైవాడికి ఈ రెండు ముక్కలూ ఒకే జవాబులో అందాలి.

ఎత్తు ఎప్పుడూ సున్నాకు తగ్గదు. అందుకని ఎన్నటికీ ఎత్తు కాలేని అంకెను, −1ని, చెడు కబురుకు గుర్తుగా వాడుకోవచ్చు. సున్నా, ఆపైన ఏదొచ్చినా 'కిందంతా క్షేమం, ఎత్తు ఇంత' అని. −1 వస్తే 'కింద ఎక్కడో తేడా కొట్టింది, ఎత్తుతో ఇక పనిలేదు' అని. నిజమే, కింద ఒక్కచోట నియమం తప్పాక చెట్టు మొత్తం మీద తీర్పు వచ్చేసినట్టే. ఎత్తు తెలుసుకుని చేసేదేముంది?

```python
def check(node):
    if node is None:
        return 0
    left = check(node.left)
    if left == -1:
        return -1
    right = check(node.right)
    if right == -1:
        return -1
    if abs(left - right) > 1:
        return -1
    return 1 + max(left, right)
```

మన మొదటి చెట్టు మీద దీన్ని నడిపిద్దాం. 50 దగ్గర మొదలై ఎడమకు 30, మళ్లీ ఎడమకు 20, మళ్లీ 10. 10కి రెండు పక్కలా ఎవరూ లేరు. 0, 0. తేడా లేదు. 10 చెప్పే జవాబు 1. అది 20కి అందుతుంది. 20కి కుడివైపు 0, తేడా 1, ఫరవాలేదు. 20 జవాబు 2. అది 30కి అందుతుంది. కానీ 30 ఇంకా ఏమీ చెప్పలేదు, కుడివైపు 40ని అడగాలి. 40 జవాబు 1. ఇప్పుడు 2, 1, తేడా 1. 30 జవాబు 3. ఇక 50 కుడివైపు తిరిగి 70ని అడుగుతుంది. 70కి ఎడమ 0, కుడివైపు 80 నుంచి 1. జవాబు 2. చివరికి 50 దగ్గర 3, 2. తేడా 1. జవాబు 4. చెట్టు బ్యాలెన్స్‌గా ఉంది, పైగా ఎత్తు 4 అని కూడా తేలింది. గీతలు లెక్కపెట్టండి. ఒక్కోదాని పక్కన ఒక్కటే. మొత్తం 7.

ఇందులో వరుసను గమనించాలి. 30 నోరు విప్పేది 20, 40 ఇద్దరూ చెప్పాకే. 50 నోరు విప్పేది అందరికన్నా చివర. పిల్లల పని అయ్యాకే తల్లిదండ్రుల పని జరిగే ఈ నడకను పోస్ట్ఆర్డర్ అంటారు. కింది అంకెలు తెలియకుండా పై అంకె పుట్టదు కాబట్టి ఈ పనికి వేరే వరుస కుదరదు. నా పాత కోడ్‌లో తీర్పరి పైనుంచి కిందికి నడిచాడు, కొలత కిందినుంచి పైకి నడిచింది. ఇద్దరూ ఎదురెదురుగా నడవడమే ఆ అదనపు గీతలన్నిటికీ మూలం.

ఇప్పుడు 10 కింద ఎడమవైపు 5 చేర్చి చెట్టును చెడగొడదాం. 5 జవాబు 1. 10 జవాబు 2. 20 దగ్గర ఎడమ 2, కుడి 0, తేడా 2. జవాబు −1. అది 30కి అందగానే, 30 తన కుడివైపున్న 40 వంక చూడకుండానే −1 అంటుంది. 50 కూడా అంతే, 70, 80ల జోలికి పోకుండానే −1 అంటుంది. ఎనిమిది నోడ్‌లలో ఐదింటినే ముట్టుకున్నాం. అయితే తప్పు కుడి చివర ఉంటే ఈ లాభం రాదు, దాదాపు చెట్టంతా తిరిగాకే తెలుస్తుంది. ఎటు చూసినా ఒక్కో నోడ్‌కు ఒక్క గీతకు మించదు. ఈ పద్ధతి ఇచ్చే హామీ అదొక్కటే, అది చాలు కూడా.

సున్నా పెట్టే తంటా

ఇంత చిన్న కోడ్‌లోనూ కాలు జారే చోట్లున్నాయి. నేను జారినవి, నా దగ్గర నేర్చుకున్న పిల్లలు జారినవి కొన్ని చెబుతాను.

కొన్ని పుస్తకాల్లో ఎత్తును తరాలతో కాక, వాటిని కలిపే గీతలతో లెక్కపెడతారు. ఆ లెక్కలో ఆకు ఎత్తు 0, ఎవరూ లేని చోట ఎత్తు −1. గణితంగా అదీ సరైనదే. కానీ ఆ పుస్తకం చదివినవాళ్లు పై కోడ్‌లో మొదటి `return 0` తీసి `return -1` అని రాస్తే ఏమవుతుంది? 10 తన ఎడమను అడుగుతుంది, ఎవరూ లేరు కాబట్టి −1 వస్తుంది. దాన్ని చెడు కబురనుకుని 10 కూడా −1 అంటుంది. 20 అంటుంది, 30 అంటుంది, చెట్టు మొత్తం చెడిపోయిందని తీర్పు వస్తుంది. లోకంలో ఏ చెట్టు ఇచ్చినా అదే తీర్పు. ఖాళీ చోటుకు గుర్తూ, చెడు కబురుకు గుర్తూ ఒకటే అయిపోవడం దీని జబ్బు. కనిపెట్టడం తేలిక. ఒకే ఒక్క ఆకున్న చెట్టు ఇచ్చి చూడండి. దానికీ బ్యాలెన్స్ లేదంటే జబ్బు ఇదే.

ఇది చూసి భయపడిన ఇంకొందరు −1 వద్దని, చెడు కబురుకు పైథాన్‌లో `None` పంపుతారు. మంచి ఆలోచనే. కానీ తీరా పరీక్షించే చోట `if not left` అని రాస్తారు. పైథాన్ దృష్టిలో `None` ఎంత 'లేదో' సున్నా కూడా అంతే 'లేదు'. ఎత్తు 0 వచ్చిన ప్రతిసారీ చెడు కబురు వచ్చిందనుకుంటుంది. మళ్లీ అదే జబ్బు, ఇంకో వేషంలో. `if left is None` అని విడమరిచి రాస్తే పోతుంది. ఎత్తునూ తీర్పునూ జంటగా పంపే పద్ధతి కూడా ఉంది. నాలుగు అక్షరాలు ఎక్కువైనా చదివేవాళ్లకు అదే హాయి అని నా అభిప్రాయం. పదిమంది చేతులు మారే కోడ్‌లో నేను జంటే వాడతాను.

ఒక అబ్బాయి ఈ గొడవలేవీ లేకుండా పైన ఒక గ్లోబల్ వేరియబుల్ పెట్టి, అందులో `True` రాసి, ఎక్కడ తప్పు కనిపిస్తే అక్కడ `False` చేశాడు. మొదటి చెట్టుకు బాగానే పనిచేసింది. చెడ్డ చెట్టు ఒకటి ఇచ్చాక మాత్రం ఆ తరవాత ఎంత మంచి చెట్టు ఇచ్చినా `False` అనే చెప్పింది. దాన్ని తిరిగి `True` చేసేవాళ్లెవరూ లేరు మరి. "సార్, ఒక్కొక్కటీ విడిగా ఇస్తే బాగానే వస్తోంది, కలిపి ఇస్తేనే తప్పొస్తోంది" అని రెండు రోజులు తల పట్టుకున్నాడు. ఆ మాటలోనే జబ్బు పేరుంది.

వీటన్నిటికన్నా పెద్ద గొయ్యి వేరే ఉంది. `check` తనను తానే పిలుచుకుంటూ కిందికి దిగుతుంది. ఒక్కో మెట్టు దిగేటప్పుడు, పై మెట్టులో సగంలో ఆగిన పనిని గుర్తుపెట్టుకోవాలి. పైథాన్ ఇలా గుర్తుపెట్టుకునే మెట్లకు మామూలుగా 1000 అని హద్దు పెడుతుంది. అది దాటితే `RecursionError` అని ప్రోగ్రామ్ ఆగిపోతుంది. మంచి చెట్లకు ఈ హద్దుతో ఏ ఇబ్బందీ లేదు. తాడు చెట్టుతోనే చిక్కు. 5,000 నోడ్‌ల తాడు ఇస్తే, 'బ్యాలెన్స్ లేదు' అని చెప్పాల్సిన ప్రోగ్రామ్ ఏమీ చెప్పకుండానే పడిపోతుంది. ఏ రోగాన్ని పట్టుకోవడానికి పెట్టామో ఆ రోగం రాగానే వైద్యుడే మంచం పట్టినట్టు.

దీనికి విరుగుడు ఆ సోవియట్ నియమంలోనే ఉంది. ప్రతి నోడ్ దగ్గరా తేడా 1కి మించని చెట్టు, ఎంత బక్కగా పెరిగినా మరీ పొడుగు కాలేదు. రెండు తరాలు రావాలంటే కనీసం 2 నోడ్‌లు కావాలి. మూడింటికి 4, నాలుగింటికి 7, ఐదింటికి 12. ముందు రెండింటినీ కలిపి ఒకటి చేర్చుకుంటూ పోతే తరవాతది వస్తుంది, ఫిబొనాచీ వరుసకు ఇది సొంత చెల్లెలు. మన ఇంటర్వ్యూ చెట్టులో సరిగ్గా ఏడు నోడ్‌లతో నాలుగు తరాలున్నాయి. అంటే అది నియమం తప్పకుండా ఉండగలిగినంత బక్కగా ఉన్న చెట్టు. ఆయన ఊరికే గీయలేదని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. ఈ వరుస ప్రకారం 29 తరాలు రావాలంటే కనీసం 13,46,268 నోడ్‌లుండాలి. కాబట్టి పది లక్షల నోడ్‌లున్న చెట్టు నియమం పాటిస్తుంటే దాని ఎత్తు 28 దాటదు. మొత్తం ఎన్ని నోడ్‌లున్నాయో ముందే తెలిస్తే, దిగేటప్పుడు ఎన్నో మెట్టులో ఉన్నామో లెక్కపెట్టుకుంటూ, 28 దాటగానే −1 అనేయొచ్చు. వెయ్యి మెట్ల హద్దు దాకా పోనే పోము. నోడ్‌ల సంఖ్య తెలియకపోతే తనను తానే పిలుచుకోవడం మానేసి, ఆగిన పనుల జాబితాను మనమే ఒక స్టాక్‌లో పేర్చుకుని నడపాలి. కోడ్ కాస్త పెరుగుతుంది, పడిపోవడం మాత్రం ఉండదు.

అసలైన ఏవీఎల్ చెట్టులో ఈ తనిఖీని ప్రతిసారీ నడపరు. ప్రతి నోడ్ తన రెండు పక్కల తేడాను తన దగ్గరే రాసి పెట్టుకుంటుంది, కొత్త అంకె వచ్చినప్పుడు ఆ దారిలో ఉన్నవాళ్లే దాన్ని దిద్దుకుంటారు. `check` లాంటిది అక్కరకొచ్చేది, ఆ దిద్దుబాటు కోడ్ సరిగ్గా రాశామో లేదో పరీక్షించుకునేటప్పుడు. ఒక్కో అంకె చేర్చాక ఒకసారి నడిపితే, ఏ అంకె దగ్గర చెట్టు చెడిందో అక్కడికక్కడే దొరుకుతుంది.

ఇది అడిగేది ఒక్క నియమం గురించే, మరే నియమం గురించీ కాదు. జావాలో `TreeMap` ఉంది. అదీ తనను తాను సర్దుకునే చెట్టే, కాకపోతే ఏవీఎల్ కాదు, రెడ్-బ్లాక్ ట్రీ అనే వేరే జాతి. దాని నియమం కాస్త వదులు. 1 నుంచి 6 వరకు అంకెల్ని వరుసగా అందులో చేర్చి, కాగితం మీద గీసి చూడండి. రూట్‌లో 2 ఉంటుంది. ఎడమవైపు 1 ఒక్కటే, ఎత్తు 1. కుడివైపు 4, దాని కింద 3, 5, ఆ 5 కింద 6, ఎత్తు 3. తేడా 2. `check` దాన్ని −1 అంటుంది. తన నియమం ప్రకారం `TreeMap` చక్కగానే ఉంది.